మేజర్ రివిజన్ రిపోర్టు రాయడం: ఒక చెరువు మట్టి పత్రం అనుభవం నుంచి

ప్రశ్న: సార్, మొదటిసారి ఒక జర్నల్ నుంచి రివ్యూ కోసం పత్రం వచ్చింది. రెండుసార్లు చదివాను. పని మంచిదే, కానీ వాళ్లు తేల్చినంత దూరం ఆ లెక్కలు వెళ్లవనిపిస్తోంది. మేజర్ రివిజన్ సిఫారసు చేద్దామనుకుంటున్నాను. రిపోర్టు ఏ వరుసలో రాయాలి? ఎంత గట్టిగా రాయాలి? రచయితలు నాకన్నా చాలా సీనియర్లు, అందుకే జంకుగా ఉంది. (కరీంనగర్ నుంచి ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్)

సమాధానం:

ముందు వరుస చెబుతాను. మొదటి పేరాలో ఆ పత్రం ఏం చేసిందో, ఏం తేల్చానంటోందో మీ సొంత మాటల్లో రాయండి. తరువాత అందులో నిలబడే భాగం ఏదో రెండు మూడు వాక్యాల్లో చెప్పండి. ఆపైన ప్రధాన అభ్యంతరాలకు అంకెలు వేసి, అన్నిటికన్నా బరువైనదాన్ని ముందు పెట్టి రాయండి. చివర పేజీ, లైన్ నంబర్లతో చిన్న సవరణలు. మేజర్ రివిజన్ అన్న సిఫారసు ఎడిటర్‌కు మాత్రమే కనిపించే చోట ఉండాలి, రచయితలకు వెళ్లే పాఠంలో కాదు. గట్టిదనం గురించి నేను పాటించే పద్ధతి ఇది: రచయితలు చేయవలసిన పనిని చెప్పే వాక్యం సందేహానికి తావు లేకుండా ఉండాలి, ఆ పని ఎందుకు కావాలో చెప్పే వాక్యాలు ఓపికగా ఉండాలి.

నేను హనుమకొండలో నేల శాస్త్రం చెబుతూ, ఇరవై ఏళ్లకు పైగా ఈ రిపోర్టులు రాస్తున్నాను. రాసినవాటికంటే అందుకున్నవాటి నుంచే ఎక్కువ నేర్చుకున్నాను. చాలా ఏళ్ల క్రితం నా పత్రం ఒకదానికి మూడు వాక్యాల రిపోర్టు వచ్చింది: గణాంకాలు బలహీనంగా ఉన్నాయి, చర్చ లోతుగా లేదు, మేజర్ రివిజన్ అవసరం. ఏ పట్టికలో ఏ లెక్క బలహీనమో రాయలేదు. నేనూ నా విద్యార్థీ రెండు నెలలు ఊహించుకుంటూ కూర్చున్నాం. నాలుగు పట్టికలు కొత్తగా చేర్చి పంపితే, ఆ రివ్యూయర్ అడిగింది అసలు అవి కావని రెండో రౌండులో తెలిసింది. ఆ రోజు నుంచి నేను రాసే ప్రతి ప్రధాన అభ్యంతరం చివర ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ఏది చూపిస్తే నేను ఒప్పుకుంటానో చెప్పే వాక్యం. ఆ వాక్యం నాకు రాయడం చేతకాకపోతే, అభ్యంతరం నాకే ఇంకా స్పష్టం కాలేదన్నమాట.

రాయడం మొదలుపెట్టే ముందు ఒక విషయం తేల్చుకోండి. ఇది నిజంగా మేజర్ రివిజనేనా? నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే. వాళ్ల చేతిలో ఇప్పటికే ఉన్న సమాచారంతో ఏదో ఒక నిజాయితీ గల నిర్ధారణ నిలబడుతుందా? నిలబడితే, అది వాళ్లు చెప్పినదానికన్నా చిన్నదైనా సరే, మేజర్ రివిజన్. మళ్లీ ఒక సీజన్ పంట వేసి కొలిస్తే తప్ప ఏదీ చెప్పలేమంటే, రిజెక్ట్ అని రాయడమే మర్యాద. మనసొప్పక మేజర్ రివిజన్ అని రాసి, ఆరు నెలలు వాళ్లను తిప్పి, చివరకు రిజెక్ట్ చేసిన రివ్యూయర్లను చూశాను. అది దయ కాదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ విప్పి చూపిస్తాను. రివ్యూకు వచ్చిన పత్రం రహస్యం కాబట్టి ఊళ్ల సంఖ్య, అంకెలు, గుర్తుపట్టగల వివరాలు అన్నీ మార్చాను. తప్పు స్వభావం, రిపోర్టు నడిచిన తీరు మాత్రం అవే. మీరు మీ పత్రం విషయం ఏమిటో ఇక్కడ రాయలేదు, మంచి పని చేశారు. ఎవరైనా అడిగినా చెప్పకండి.

ఆ పత్రం చెరువు పూడిక మట్టి గురించి. మన చెల్క నేలల్లో బంకమన్ను తక్కువ, నీరు నిలవదు. చెరువు అడుగు మట్టిని ట్రాక్టర్లతో తెచ్చి పొలంలో చల్లడం పాత అలవాటే. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక అది పెద్ద ఎత్తున జరిగింది, దాని మీద పత్రాలూ వచ్చాయి. ఈ పత్రంలో రచయితలు ఆరు ఊళ్లు తీసుకున్నారు. మూడు ఊళ్లలో చెరువు పూడిక తీసి మట్టిని పత్తి చేలకు తోలారు, మూడు ఊళ్లలో తోలలేదు. ఊరికి 40 మంది చొప్పున 240 మంది రైతుల దిగుబడి రాసుకున్నారు. మట్టి తోలిన ఊళ్లలో ఎకరాకు సగటున 8.4 క్వింటాళ్లు, తోలని ఊళ్లలో 6.3. తేడా 2.1 క్వింటాళ్లు. టి-పరీక్ష చేసి, ఈ తేడా కాకతాళీయం కాదని, పూడిక మట్టి దిగుబడిని మూడో వంతు పెంచిందని తేల్చారు.

మొదటి చదువులో నాకు అనిపించింది రిజెక్ట్ అనే. పోల్చినది 240 మందిని కాదు, ఆరు ఊళ్లను. ఒకే ఊరి రైతులకు ఒకే వాన, ఒకే నేల, తరచుగా ఒకే దుకాణం విత్తనం. ఒక రైతు దిగుబడి తెలిస్తే పక్క రైతుది కొంత తెలిసిపోయినట్టే. ఆ పోలిక గుణకం 0.1 మాత్రమే అనుకున్నా, ఊరికి 40 మంది ఉన్నప్పుడు లెక్క ఇలా వస్తుంది: 1 + 39 × 0.1 = 4.9. 240ని ఈ 4.9తో భాగిస్తే, 240 మంది ఇచ్చే సమాచారం సుమారు 49 మంది విడివిడి రైతులు ఇచ్చేంతే. వాళ్ల టి-పరీక్ష మాత్రం 240 మందినీ విడివిడిగా లెక్కించింది. పైగా ఆ మూడు ఊళ్లు మట్టి తోలకముందే మెరుగైన ఊళ్లయితే, పరీక్ష ఎంత బాగా చేసినా నిర్ధారణ తప్పే.

కానీ పత్రం చివర అనుబంధంలో వాళ్లు రైతులను అడిగిన ప్రశ్నల పట్టిక ఉంది. పద్నాలుగో ప్రశ్న: మట్టి తోలకముందు ఏడాది ఇదే చేనులో పత్తి ఎంత వచ్చింది? ఆరో ప్రశ్న: చేనుకు బావి గానీ బోరు గానీ ఉందా, వర్షాధారమా? రెండింటి జవాబులూ వాళ్ల దగ్గర ఉన్నాయి, పత్రంలో ఎక్కడా వాడలేదు. అక్కడ నా సిఫారసు మారింది. అనుబంధాలు చదవకుండా సిఫారసు నిర్ణయించవద్దని కొత్తవాళ్లకు చెబుతుంటాను. మేజర్ రివిజన్‌కు దారి చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఇక రిపోర్టు. నేను రాసింది ఇంగ్లీషులో, ఇక్కడ దాని తెలుగు ఇస్తున్నాను. మొదటి పేరా ఇలా ఉంది:

> ఈ పత్రం ఆరు ఊళ్లలో 240 మంది పత్తి రైతుల దిగుబడిని పోల్చి, చెరువు పూడిక మట్టి ఎకరాకు 2.1 క్వింటాళ్ల పెరుగుదలకు కారణమని నిర్ధారిస్తోంది. చేనువారీ సమాచారం ఇంత ఓపికగా సేకరించిన పనులు తక్కువ. మట్టి నమూనాల విశ్లేషణ (2వ పట్టిక) స్పష్టంగా ఉంది. అయితే దిగుబడి తేడాకు పూడిక మట్టే కారణమని ఇప్పుడున్న పోలిక చూపించలేదు. రచయితలు సేకరించి ఇంకా వాడని సమాచారంతో ఈ లోపాన్ని చాలావరకు సరిచేయవచ్చని భావిస్తున్నాను.

ఈ పేరాను చిన్నచూపు చూడకండి. పత్రాన్ని మీ మాటల్లో సరిగ్గా చెప్పగలిగితే, చదివిన మనిషే అభ్యంతరం చెబుతున్నాడని రచయితలకు నమ్మకం కలుగుతుంది. మీరు పొరపాటుగా అర్థం చేసుకున్నా అది ఇక్కడే బయటపడుతుంది, ఎడిటర్ పట్టుకుంటాడు. మెచ్చుకోలు కూడా నిర్దిష్టంగా ఉండాలి. పత్రం ఆసక్తికరంగా ఉంది అన్న వాక్యం ఎవరికీ పనికిరాదు. 2వ పట్టిక స్పష్టంగా ఉందన్న మాటతో, ఆ భాగాన్ని కదిలించనక్కరలేదని వాళ్లకు తెలుస్తుంది.

మొదటి ప్రధాన అభ్యంతరం:

> 1. 3వ పట్టికలోని పరీక్ష 240 మంది రైతులను విడివిడి పరిశీలనలుగా తీసుకుంది. మట్టి తోలడం, తోలకపోవడం ఊరి స్థాయిలో మారింది కాబట్టి, పోల్చదగిన యూనిట్లు ఆరు. పైగా ఈ ఊళ్లు ముందునుంచీ వేరుగా ఉండి ఉండవచ్చు. అనుబంధంలోని 14వ ప్రశ్న ప్రకారం ముందు ఏడాది దిగుబడి రచయితల దగ్గర ఉంది. దాన్ని ఊరివారీగా పట్టికలో ఇవ్వాలి. ప్రతి చేనులో వచ్చిన మార్పును లెక్కించి, ఊరిని గణనలోకి తీసుకునే పద్ధతిలో రెండు గుంపులను పోల్చాలి. తేడాతో పాటు దాని విశ్వాస అవధిని కూడా ఇవ్వాలి. ఈ లెక్కలో తేడా తగ్గినా పత్రం విలువ తగ్గదు, నిర్ధారణ మాత్రం దానికి తగ్గట్టు మారాలి.

ఇందులో నాలుగు ముక్కలు ఉన్నాయి: సమస్య ఎక్కడుందో, అది నిర్ధారణను ఎలా దెబ్బతీస్తుందో, ఏం చేయాలో, ఫలితం ఎటు వచ్చినా నేనేమంటానో. చివరి ముక్కను చాలామంది రాయరు. అది లేకపోతే, పాత జవాబు వచ్చేదాకా లెక్కను తిప్పాలన్న ఒత్తిడి రచయితల మీద పడుతుంది. తేడా తగ్గినా ఫరవాలేదని మీరు ముందే రాస్తే వాళ్లు నిజం రాయగలుగుతారు. ఆ మాట మీరు మనస్ఫూర్తిగా రాయలేకపోతే, అంటే తేడా తగ్గితే ఈ పత్రం మీకు అక్కరలేదనిపిస్తే, మీ సిఫారసును మళ్లీ ఆలోచించుకోండి.

రెండో అభ్యంతరం ఈ ప్రాంతం తెలిసినవాళ్లకు వెంటనే తడుతుంది. చెరువు పూడిక తీసిన ఊళ్లో రెండు మార్పులు ఒకేసారి జరుగుతాయి. మట్టి చేలోకి వస్తుంది, చెరువు లోతై చుట్టుపక్కల బావుల్లో నీరు పెరుగుతుంది. దిగుబడి పెరిగితే అది మట్టి వల్లా, నీటి వల్లా? అందుకే వర్షాధార చేలను, బావి లేదా బోరు కింద చేలను వేరుచేసి అదే లెక్క మళ్లీ చేయాలని, వేరుచేయలేకపోతే శీర్షికలోనూ సారాంశంలోనూ మట్టి అన్న మాట తీసి చెరువు పునరుద్ధరణ అని మార్చాలని రాశాను. ఒక అభ్యంతరానికి రెండు దారులు ఇవ్వడం నాకు బాగా పనిచేసింది. కొత్త విశ్లేషణ చేయండి, లేదా నిర్ధారణను తగ్గించండి. రెండూ నిజాయితీ దారులే, ఏది ఎంచుకోవాలో వాళ్లకే తెలుస్తుంది.

మూడోది చిన్నగా ముగించాను. ఎకరాకు ఇన్ని ట్రాక్టర్ ట్రిప్పులు అని రాశారు. ట్రాలీ కొలత ఊరూరికీ మారుతుంది, తడి మట్టి బరువు వేరు, పొడి మట్టి బరువు వేరు. ఇంకొకరు ఈ పని మళ్లీ చేయాలంటే టన్నుల్లో అంచనా, అది ఎలా వేశారో కావాలి. దీన్ని ప్రధాన అభ్యంతరాల్లో పెట్టాలా, చిన్న సవరణల్లో వేయాలా అని కొంత సేపు ఆలోచించాను. నా కొలబద్ద ఇది: అది సరిచేయకుండా పత్రం అచ్చయితే చదివేవాళ్లు తప్పు దారి పడతారా? మట్టి మోతాదు విషయంలో పడతారు. రైతుకు సలహా ఇచ్చే అధికారి ఆ అంకెనే తీసుకుంటాడు. అందుకే ప్రధానం. బొమ్మలో అక్షరాలు చిన్నవిగా ఉండటం, పట్టికలో ప్రమాణం రాయకపోవడం లాంటివి ఎన్ని ఉన్నా చివర చిన్న సవరణల్లోకే వెళ్తాయి.

అభ్యంతరాల సంఖ్య గురించి కూడా ఒక మాట. మొదటిసారి రాసేవాళ్లు శ్రద్ధ చూపించుకోవాలని ఇరవై ఆరు అభ్యంతరాలు ఒకే వరుసలో రాస్తారు. అప్పుడు రచయితలు సులువైన ఇరవైనాలుగింటికి జవాబు రాసి, కష్టమైన రెండింటి మీద ఒక్కో వాక్యంతో దాటేస్తారు. ఎడిటర్‌కు ఇరవైనాలుగు టిక్కులు కనిపిస్తాయి. బరువైనవి మూడో నాలుగో విడిగా ఉంటే అలా దాటేయడం కుదరదు.

ఇక మీ జంకు సంగతి. మనం ఇంగ్లీషు రిపోర్టులు రాసేటప్పుడు తెలుగు మర్యాద అందులోకి వచ్చేస్తుంది. వీలైతే చూడండి, ఇలా చేస్తే బాగుంటుందేమో అన్నట్టు రాస్తాం. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు మనకు అది సహజం, విన్న పెద్దవాళ్లకు కూడా అది చేయవలసిన పనేనని అర్థమవుతుంది. రిపోర్టులో మాత్రం ఆ వాక్యం చేయకపోయినా ఫరవాలేదన్న అర్థమిస్తుంది. రచయిత వేరే దేశంలో ఉంటే మరీను. నేను రెండు రకాల వాక్యాలే వాడతాను. తప్పనిసరి అయినవాటికి *ఇవ్వాలి, లెక్కించాలి, తొలగించాలి*. నా అభిప్రాయం మాత్రమే అయినవాటికి *ఇది రచయితల ఇష్టం* అని ముందే రాసి, తరువాత సూచన. మధ్యరకం వాక్యం ఒక్కటి మిగిలినా, పంపే ముందు దాన్ని అటో ఇటో తేలుస్తాను.

రెండో జాగ్రత్త కర్త విషయంలో. రచయితలు గణాంకాలు అర్థం చేసుకోలేదు అని రాస్తే అది మనిషి మీద తీర్పు, నాకు తెలియని విషయం కూడా. 3వ పట్టికలోని పరీక్ష ఊరి ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోలేదు అని రాస్తే అది కాగితం మీద కనిపించే వాస్తవం, ఎవరైనా సరిచూసుకోవచ్చు. వాక్యానికి కర్తగా పట్టిక, పరీక్ష, పేరా, నిర్ధారణ ఉండనివ్వండి. అలా రాస్తే సీనియర్లకు కూడా నొప్పి ఉండదు, మీకు భయమూ ఉండదు. పేరు మనసులో మెదులుతుంటే, మొదటి పేజీ లేకుండా పత్రాన్ని ప్రింట్ తీసుకుని దాని మీద గుర్తులు పెట్టుకోండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను. ఆ రచయితల్లో మీ గైడు గానీ, ఈ మధ్య మీతో కలిసి పత్రం రాసినవాళ్లు గానీ ఉంటే అది జంకు సమస్య కాదు. వెంటనే ఎడిటర్‌కు చెప్పి తప్పుకోండి.

భాష గురించి. ఇంగ్లీషు బాగాలేదు, ఎవరితోనైనా దిద్దించండి అన్న వాక్యాన్ని నేను మానేశాను. మన ప్రాంతం నుంచి వెళ్లే పత్రాల మీద అది ఎన్నిసార్లు రాస్తారో మనకు తెలుసు. దాని బదులు అర్థం రెండు రకాలుగా వచ్చే మూడు వాక్యాలను లైన్ నంబర్లతో చూపించి, ఈ రెండింటిలో మీ ఉద్దేశం ఏది అని అడుగుతాను. అలాగే మీ సొంత పత్రాలను ఉటంకించమని అడగకండి. నిజంగా అవసరమైన పని ఒకటి ఉండి, అది మీదే అయితే, ఆ సంగతి ఎడిటర్‌కు రాసే భాగంలో చెప్పి, నిర్ణయం ఆయనకే వదిలేయండి.

ఎడిటర్‌కు మాత్రమే వెళ్లే భాగంలో నేను రాసింది నాలుగు వాక్యాలు: మేజర్ రివిజన్ సిఫారసు చేస్తున్నాను. మొదటి రెండు అభ్యంతరాలకు జవాబు రాకపోతే పత్రాన్ని సమర్థించలేను. సమాచారం వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి కొత్త సర్వే అవసరం లేదు. ఊరిని గణనలోకి తీసుకునే నమూనా వివరాలను నాకన్నా బాగా తెలిసిన గణాంక నిపుణుడు ఒకసారి చూస్తే మంచిది. చివరి వాక్యం రాయడానికి సంకోచించకండి. మీకు ఎంతవరకు తెలుసో ఎడిటర్‌కు తెలిస్తేనే మిగతాది ఇంకొకరికి పంపగలుగుతాడు. రచయితలకు ఒకటి, ఎడిటర్‌కు ఇంకొకటి చెప్పడం మాత్రం చేయకూడదు. పైన మెచ్చుకుని, లోపల ఇది పనికిరాదని రాస్తే, రిజెక్ట్ ఉత్తరం అందుకున్న రచయితకు కారణమే తెలియదు. సిఫారసును రచయితల భాగంలో రాయవద్దని చెప్పడానికి కారణం వేరు. రెండో రివ్యూయర్ రిజెక్ట్ అనవచ్చు, నిర్ణయం ఎడిటర్‌ది. మీ మాట ముందే బయటపడితే ఆయన చేతులు కట్టేసినట్టవుతుంది.

నాలుగు నెలల తరువాత ఆ పత్రం తిరిగి వచ్చింది. ముందు ఏడాది పట్టిక చూడగానే విషయం తేలింది. మట్టి తోలిన ఊళ్లలో అంతకుముందే 7.2 క్వింటాళ్లు వచ్చేవి, మిగతా ఊళ్లలో 6.0. అంటే తేడాలో 1.2 పాతదే. మొదటి గుంపులో పెరిగింది 1.2, రెండో గుంపులో 0.3. మార్పుల మధ్య తేడా 0.9 క్వింటాళ్లు, తొలి పత్రం చెప్పినదానిలో సగానికన్నా తక్కువ. నీటి వసతి ప్రకారం వేరుచేస్తే బావుల కింద 1.4, వర్షాధార చేలలో 0.6. ఈ రెండోదాని విశ్వాస అవధి -0.3 నుంచి 1.5 దాకా ఉంది, అంటే సున్నా కూడా అందులోనే ఉంది. మట్టి ఒక్కదాని వల్ల వర్షాధార పత్తిలో దిగుబడి పెరిగిందని ఆరు ఊళ్ల సమాచారంతో చెప్పలేం. రచయితలు శీర్షిక మార్చారు, సారాంశంలో ఈ అంకెలన్నీ పెట్టారు, ముందు ఏడాది దిగుబడి రైతు జ్ఞాపకం మీద ఆధారపడిందని కూడా రాశారు.

రెండో రౌండులో నేను చూసింది రెండే: నేను అడిగినవి జరిగాయా, కొత్తగా చేర్చిన పాఠంలో కొత్త తప్పులు వచ్చాయా. మొదటిసారి నాకు తట్టని అభ్యంతరం ఒకటి అప్పుడు తట్టింది. మట్టి నమూనాలు ఎంత లోతు నుంచి తీశారో రాయలేదు. అది నిర్ధారణను మార్చేది కాదు, మొదటి రౌండులో నేనే అడగాల్సింది. అందుకే దాన్ని కొత్త ప్రధాన అభ్యంతరం చేయకుండా, ఒక వాక్యం చేర్చమని చిన్న సవరణగా రాశాను. నిర్ధారణను కూల్చేంత పెద్ద లోపం రెండో రౌండులో కనిపిస్తే దాచకూడదు, కానీ అప్పుడు మొదటిసారి గమనించలేదని రిపోర్టులో ఒప్పుకుని మరీ అడగాలి.

మీరు రెండుసార్లు చదివానన్నారు కాబట్టి, ఇక రాసే పనిని రెండు పూటలకు పంచుకోండి. ఒక పూట ప్రధాన అభ్యంతరాలు మాత్రమే రాసి, ఒక రోజు పక్కన పెట్టండి. మర్నాడు ఒక్కో అభ్యంతరం చివర, ఏది చూస్తే ఒప్పుకుంటారో ఆ వాక్యం ఉందో లేదో చూడండి. మొత్తం రెండు పేజీలు దాటితే, దాటిన భాగం చాలావరకు చిన్న సవరణల్లోకి వెళ్లాల్సిందే అయి ఉంటుంది. గడువులోగా కుదరదనిపిస్తే ఇప్పుడే ఎడిటర్‌కు రాసి ఒక వారం అడగండి, సాధారణంగా ఇస్తారు.